బోయజు దయ, బోయజు నిర్ణయం



నకిరేకల్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి హైదరాబాదుకు చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లల్లో కొందరు మోస్తున్న ఒక బరువు గురించి ఈ వారం రాస్తున్నాం. ప్రార్థన అవసరతలు చీటీ మీద రాసి ఇమ్మంటే ఉద్యోగం అని రాస్తారు, ఆరోగ్యం అని రాస్తారు. ఇది మాత్రం రాయరు. పండుగకు ఇంటికొచ్చినప్పుడు మా వంటింట్లో కూర్చొని, ఉల్లిగడ్డలు తరుగుతూ, తల పైకెత్తకుండా చెప్తారు. "నాలుగేండ్లాయె అమ్మగారూ. మంచిగనే చూసుకుంటడు. పెండ్లి మాట మాత్రం ఎత్తడు. నన్ను చేసుకుంటడో చేసుకోడో తెల్వది."

పెద్దలు చూపించకుండా ప్రేమించుకోవచ్చా అనే ప్రశ్న సంఘంలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు అది కాదు. అప్పటికే ఏళ్లు గడిచిపోయిన బిడ్డ ఇప్పుడేం చేయాలి? ఎదురుచూడాలా, అడగాలా, వదిలేయాలా? అడిగితే ఏమని అడగాలి? వచ్చిన జవాబును ఎట్లా అర్థం చేసుకోవాలి? దీని గురించే.

రూతు గ్రంథం మనందరికీ తెలుసు. కానీ రెండో అధ్యాయానికీ మూడో అధ్యాయానికీ మధ్య ఉన్న ఖాళీని మనం గమనించం. రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లిన మొదటి రోజే బోయజు ఆమె మీద దయ చూపించాడు. తన పనివాళ్లెవరూ ఆమె జోలికి పోవద్దన్నాడు. దాహమైతే నీళ్లు తాగమన్నాడు. భోజనం వేళ పక్కన కూర్చోబెట్టి పేలాలు పెట్టాడు. ఆమె ఏరుకోవడానికి కావాలనే పనలలోంచి కొన్ని వెన్నులు వదిలేయమన్నాడు. ఆ తర్వాత యవల కోత అంతా అయిపోయింది. గోదుమల కోత కూడా అయిపోయింది. అంటే దాదాపు రెండు నెలలు. ఆ రెండు నెలలూ రూతు అదే పొలానికి వెళ్లింది, అదే దయ పొందింది. పెళ్లి గురించి మాత్రం బోయజు ఒక్క మాట అన్నట్టు గ్రంథంలో ఎక్కడా లేదు.

బోయజు చెడ్డవాడు కాదు. ఆ దయలో అబద్ధం లేదు. కానీ దయ వేరు, నిర్ణయం వేరు. మనిషి నిజంగా ప్రేమగా ఉంటూనే నిర్ణయం తీసుకోకుండా ఏళ్లు గడపగలడు. మన ఆడబిడ్డలను తికమక పెట్టేది ఇదే. "జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నడు, పుట్టినరోజుకు గొలుసు కొనిచ్చిండు, మరి ప్రేమ లేకుంటే ఇవన్నీ ఎందుకు చేస్తడు?" అంటారు. ప్రేమ ఉండొచ్చు. ఆమెకు కావలసిన జవాబు ఆ ప్రశ్నలో లేదు.

నిర్ణయం ఎట్లా ఉంటుందో మూడో అధ్యాయంలో చూడొచ్చు. కల్లం దగ్గర రూతు తనకేం కావాలో నేరుగా అడిగింది. బోయజు ఆ రాత్రే మూడు సంగతులు చెప్పాడు. సరే, చేస్తానన్నాడు. అడ్డేమిటో పేరు పెట్టి చెప్పాడు: తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు, ముందు హక్కు అతనిది, అతను ఒప్పుకుంటే సంబంధం అతనికే పోతుంది. తనకు అనుకూలం కాని ఆ మాటను కూడా దాచలేదు. ఇక ఎప్పుడంటే, రేపు పొద్దున్నే. పొద్దున్నే ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, ఆ బంధువును పిలిచి, అందరి ముందూ తేల్చేశాడు. అడ్డం పేరు, మాట్లాడాల్సిన మనిషి, గడువు. నిర్ణయం అయినప్పుడు ఈ మూడూ ఉంటాయి. దయ ఎంత ఉన్నా ఇవి లేకపోతే నిర్ణయం ఇంకా జరగలేదని అర్థం.

ఇక్కడ అబ్బాయిలు మాకు యాకోబును గుర్తు చేస్తారు. "యాకోబు ఏడేండ్లు ఆగలేదా అయ్యగారూ?" అంటారు. ఆగాడు. కానీ లాబాను ఇంట్లో నెల రోజులు ఉన్నాక, జీతమేం కావాలని అడిగినప్పుడే, రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తానని ఆమె తండ్రితోనే చెప్పాడు. ఆ తర్వాత ఆగాడు. చెప్పకుండా ఏడేళ్లు ఆగలేదు. తామారు ఎదురుచూపు వేరు. షేలా పెద్దవాడయ్యేదాకా పుట్టింట్లో ఉండమని మామ యూదా ఆమెను పంపించాడు. షేలా పెద్దవాడయ్యాడు. ఎవరూ ఆమెను పిలవలేదు. ఇవ్వాలనే ఉద్దేశం యూదాకు మొదటి నుంచీ లేదు. చెప్పిన కారణం తీరిపోయినప్పుడే ఆ సంగతి తామారుకు తెలిసింది.

ఆనవాళ్లు మార్చి ఒక బిడ్డ సంగతి చెప్తాం. ఆమె నర్సు. హైదరాబాదులో డ్యూటీ, హాస్టల్లో ఉంటుంది. అబ్బాయిది వేరే కులం, మన విశ్వాసం కాదు, కంపెనీలో ఉద్యోగం. పరిచయమై నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మొదటి ఏడు "ఉద్యోగం పర్మినెంట్ కానీ" అన్నాడు. అయింది. తర్వాత "చెల్లె పెండ్లి కానీ" అన్నాడు. ఇది మన వైపు ఉత్త సాకు కాదు. అన్న వేరే కులంలో చేసుకుంటే చెల్లెకు వచ్చే సంబంధాలు నిజంగానే వెనక్కి పోతాయి. చెల్లె పెళ్లి కూడా అయింది. తర్వాత "ఇల్లు స్లాబ్ పడనీ" అన్నాడు. స్లాబ్ పడింది. ఆ ఇంటి లోను కిస్తీకి రెండు నెలలు ఈ అమ్మాయే డబ్బులు సర్దింది. ఇప్పుడు "నాయన పాణం మంచిగలేదు" అంటున్నాడు.

మేము ఆమెను ఒక కాగితం మీద నాలుగు కారణాలు వరసగా రాయమన్నాం. ఒక్కో కారణం పక్కన అది ఎప్పుడు తీరిందో రాయమన్నాం. అది తీరిన నెలలో పెళ్లి విషయం ఒక్క అడుగైనా ముందుకు కదిలిందా అన్నది మూడో వరసలో రాయమన్నాం. ఇంట్లో ఎవరికైనా, కనీసం చెల్లెకైనా, ఈమె పేరు చెప్పాడా? మూడో వరసంతా ఖాళీగా మిగిలింది. ప్రతి కారణమూ నిజమే. ఒక్కటి తీరినా ఏదీ కదల్లేదు. కారణం తీరినప్పుడు పని కదిలితే అది అడ్డంకి. ఒకటి తీరగానే ఇంకొకటి వచ్చి కూర్చుంటే, అడ్డంకి ఇంటి దగ్గర లేదు, అబ్బాయి మనసులో ఉంది.

మరి ఇన్నేళ్లు ఆమె ఎందుకు అడగలేదు? మేము అడిగాం. "అడిగితే కాదంటడేమో అని భయం" అంది. అడగని మనిషి ఊరికే ఉండదు, ఆనవాళ్లు వెతుకుతుంది. వాట్సాప్‌లో ఎప్పటిదాకా ఆన్‌లైన్‌లో ఉన్నాడు, మెసేజ్ చూసి ఎంతసేపటికి జవాబిచ్చాడు, స్టేటస్‌లో తన ఫొటో పెట్టాడా, పెడితే ఇంట్లోవాళ్లకు కనబడకుండా పెట్టాడా. ఒక రోజు ఆనవాలు మంచిగా ఉంటే గాల్లో తేలుతుంది, మర్నాడు నిద్ర పట్టదు. ఈ ఆందోళనను విశ్వాస లోపం అని కొట్టిపారేయొద్దు. ముఖ్యమైన ప్రశ్నకు జవాబు లేనప్పుడు మనసు చిన్న చిన్న వాటిలో జవాబు వెతుక్కుంటుంది, అంతే. ప్రార్థన చేసుకుంటే ఆ రాత్రికి నెమ్మది వస్తుంది. అడగాల్సిన మాట మాత్రం అడగాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలోని డెన్వర్ విశ్వవిద్యాలయంలో స్కాట్ స్టాన్లీ, గలీనా రోడ్స్, హోవర్డ్ మార్క్‌మన్ అనే పరిశోధకులు 2006లో ఒక వ్యాసం రాశారు. పెళ్లికి ముందే కలిసి ఉంటున్న జంటల గురించి అది. చాలామంది నిర్ణయించుకొని ఆ దశకు రారు, ఒక్కో మెట్టు జారుకుంటూ వస్తారని వాళ్లు చెప్పారు. మనసులో నిశ్చయం కలగకముందే ఇల్లు, డబ్బు, వస్తువులు ముడిపడిపోతాయి. తర్వాత విడిపోవడం కష్టమవుతుంది, కలిసి ఉన్నది మాత్రం నిర్ణయం వల్ల కాదు. మన పిల్లలు కలిసి కాపురం ఉండకపోవచ్చు. అయినా కిస్తీ సర్దడం, ఇద్దరి పేరు మీద చిట్టీ వేయడం, అతని కోసం డ్యూటీ మార్చుకోవడం, ఇంటి నుంచి వచ్చిన సంబంధాలను ఏదో ఒకటి చెప్పి వెనక్కి పంపడం, ఇవన్నీ ఆ మెట్లే. అందుకే మేము ఆ బిడ్డకు ముందు చెప్పింది ఒకటే. జవాబు వచ్చేదాకా కొత్తగా ఏ ముడీ వేయకు. డబ్బు ఇవ్వకు. అది పగ కాదు, జవాబు చెప్పడానికి ఇద్దరికీ తెరిపి ఇవ్వడం.

ఇక అడగడం. కొట్లాట మధ్యలో అడగొద్దు, అప్పుడు వచ్చేది కోపానికి జవాబు. ఫోన్ మెసేజ్‌లో అడగొద్దు, రెండు గంటలు జవాబు రాకపోతే ప్రాణం పోయినట్టుంటుంది. ఇద్దరూ తీరిగ్గా ఉన్న రోజు, నలుగురూ తిరిగే చోట కూర్చొని, మూడు మాటలు అడగాలి. నన్ను పెండ్లి చేసుకోవాలని నీకుందా? ఉంటే అడ్డం ఏంది? ఆ అడ్డం గురించి ఎవరితో మాట్లాడుతవు, ఎప్పటిలోపల? అడిగాక ఊరుకోవాలి. నిశ్శబ్దం భరించలేక చాలామంది ఆడపిల్లలు అతని జవాబు కూడా తామే చెప్పేస్తారు. "నీకు టెన్షన్ ఉంది, నాకు తెలుసులే" అంటారు. ఆ మాటతో మళ్లీ ఆరు నెలలు గడిచిపోతాయి.

"ఎవరితో మాట్లాడుతవు" అన్న ప్రశ్న మన దగ్గర చాలా ముఖ్యం. మన ఇళ్లలో ఇటువంటి మాట నేరుగా నాయనతో ఎవరూ చెప్పరు. ముందు అక్కకు, లేదంటే మేనమామకు, చిన్నాయనకు చెప్తారు. వాళ్లు సమయం చూసి అమ్మ చెవిన వేస్తారు. కాబట్టి నాయనకు చెప్పలేదంటే ఆశ్చర్యం లేదు. నాలుగున్నరేళ్లలో మేనమామకు కూడా చెప్పలేదంటే అది ఆలోచించాల్సిన సంగతి.

భయం అన్నది సాకు కాని సందర్భాలు కూడా మన జిల్లాలో ఉన్నాయి. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ఏం జరిగిందో మనం మరిచిపోలేం. ప్రణయ్ అనే యువకుడిని, కులం వేరైన అమ్మాయిని చేసుకున్నందుకు, గర్భవతి అయిన భార్య కళ్లముందే ఆసుపత్రి బయట చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు శిక్షలు వేసేదాకా ఆరున్నరేళ్లు పట్టింది. కాబట్టి "మా వాళ్లు ఊరుకోరు" అని అబ్బాయి అంటే నవ్వొద్దు. అయితే భయం నిజమైనా దానికీ పేరు ఉంటుంది. ఎవరి వల్ల భయం? వాళ్లను సముదాయించగలిగే పెద్దమనిషి ఎవరు? సముదాయించలేకపోతే మనం ఎక్కడ ఉంటాం? నిజంగా చేసుకోవాలనుకున్నవాడు భయపడుతూనే ఈ ప్రశ్నల మీద పని మొదలుపెడతాడు.

దారి ఏమిటో తెలిస్తే మాట గట్టిదో కాదో కూడా తెలుస్తుంది. ఇద్దరూ ఒకే మతం కాకపోతే, మతం మారకుండానే చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అబ్బాయికి 21 ఏళ్లు, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లో చట్టప్రకారం చెల్లే అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షులతో పెళ్లి జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు జరగకపోతే మళ్లీ నోటీసు ఇవ్వాలి. "ఎవరికీ తెల్వకుండ రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుందం" అనే మాట ఈ చట్టం కింద అంత తేలిక కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ముప్పై రోజులు ఆ కాగితం గోడ మీద ఉంటుంది. ఈ సంగతులు తెలుసుకున్నవాడు ఏ నెలలో నోటీసు ఇద్దామో మాట్లాడతాడు. ఏమీ కనుక్కోనివాడు "చేసుకుందాంలే" అంటాడు.

కొందరు తల్లిదండ్రులు కోపంతో కేసు పెడదామని మా దగ్గరికి వస్తారు. చట్టం హద్దు తెలుసుకోవాలి. పెళ్లి చేసుకునే ఉద్దేశమే లేకుండా చేసుకుంటానని మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకుంటే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. మోసపోయిన బిడ్డకు అది అండ. కానీ మొదటి నుంచీ అబద్ధమైన మాట వేరు, ఇచ్చిన మాట తర్వాత నిలబెట్టుకోలేకపోవడం వేరని సుప్రీంకోర్టు 2019లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. అసలు మాటే ఇవ్వకుండా ఏళ్లు గడిపినవాడిని పట్టుకునే చట్టం లేదు. ఏ కోర్టూ ఒకరి మనసులో నిర్ణయం పుట్టించలేదు.

ఆ నర్సు బిడ్డ అడిగింది. అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత "చేసుకోవాలనే ఉంది. దసరాకు ఊరికి పోయినప్పుడు మేనమామకు చెప్త" అన్నాడు. మూడు సంగతులూ ఉన్నాయి, మంచి జవాబే. ఆమె ఆ గడువు దాకా మళ్లీ ఎత్తలేదు. దసరా వచ్చింది, పోయింది. అతను తిరిగొచ్చి ఏమీ చెప్పలేదు. ఆమె ఒక్కసారి అడిగింది. "ఇంట్ల అందరు మంచి మూడ్‌ల ఉండె, ఎందుకు చెడగొట్టాలని చెప్పలె" అన్నాడు. అంతకుముందు నాయన పాణం మంచిగలేదని చెప్పలేకపోయాడు, ఇప్పుడు అందరూ మంచిగున్నారని చెప్పలేకపోయాడు. ఆ మాటతో తనకు అర్థమైపోయిందని ఆమె మాతో అంది.

తర్వాత తేలిగ్గా ఏమీ జరగలేదు. ఇద్దరి ఫొటోలున్న ఫోన్ వాళ్ల అక్కకు ఇచ్చి, మామూలు ఫోన్ వాడుకుంది. కిస్తీకి ఇచ్చిన డబ్బు అడిగింది, సగం వచ్చింది. రాత్రి డ్యూటీలు ఎక్కువ వేయించుకుంది, ఎందుకంటే రాత్రిపూటే అతను ఫోన్ చేసేవాడు. నాలుగు నెలలు ఆదివారం ఆరాధనలో చివరి వరసలో కూర్చొని ముందే వెళ్లిపోయేది. మేము ఆపలేదు. ఒకరోజు వంటింట్లో ఆమె అన్న మాట ఇది: "బాధ అట్లనే ఉంది అమ్మగారూ. కానీ ఫోన్ మోగితే గుండె దడ లేదు."

ఇంకో జంట విషయంలో అదే ప్రశ్న అడిగిన పన్నెండు రోజులకు అబ్బాయి మేనమామను వెంటబెట్టుకొని మా ఇంటికొచ్చాడు. ఇంట్లో గొడవలు ఏడాది సాగాయి. అబ్బాయి తల్లి ప్రధానానికి రాలేదు, పెళ్లికి వచ్చింది. అడ్డంకులు రెండు ఇళ్లలోనూ ఒక్కటే. ఒకచోట అడ్డం మీద పని జరిగింది, ఇంకోచోట జరగలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ ఇటువంటి సంగతి చెప్పుకున్న రోజు "మేం ముందే చెప్పలేదా" అని మొదలుపెట్టకండి. నయోమి ఏం చేసిందో చూడండి. కోడలు రెండు నెలలు ఆ పొలానికి పోయి వస్తుంటే, ఆమెకొక స్థిరమైన ఇల్లు చూడాల్సిన బాధ్యత తనదని నయోమే ముందు మాట ఎత్తింది. ఏం చేయాలో చెప్పింది. రూతు ఆరు కొలతల యవలు మోసుకొని ఇంటికొస్తే, ఏమైందమ్మా అని అడిగి, ఈ సంగతి తేలేదాకా ఆ మనిషి ఊరుకోడు, నువ్వు నెమ్మదిగా కూర్చో అని చెప్పింది. ఆ రోజే తేలుతుందని నయోమికి నమ్మకం ఉంది. అందుకే కూర్చోమనగలిగింది. తేలే రోజు ఏదో తెలియకుండా మీ బిడ్డను మాత్రం "ఓపిక పట్టు" అనకండి. ఆ రోజు ఏదో కనుక్కోవడానికి పక్కన నిలబడండి.

అడగాల్సిన మాట ఈ వారం అడగబోతున్న బిడ్డలకు దేవుడు ధైర్యం ఇచ్చును గాక. జవాబు చెప్పాల్సిన మా కొడుకులకు, ఔనన్నా కాదన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు ఇచ్చును గాక. ఆమేన్.